500 ఫ్లాట్ల ఎస్టీపీకి డిజైన్ బేసిస్ ఎలా వేస్తారు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ శివార్లలో 500 ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ ఒకటి అనుకుందాం. డ్రైనేజీ లైన్ ఇంకా ఆ రోడ్డు దాకా రాలేదు, కాబట్టి లోపలే ఎస్టీపీ, అంటే మురుగు శుద్ధి ప్లాంట్, కట్టాలి, ట్రీట్ చేసిన నీళ్ళు ఫ్లషింగ్‌కి, గార్డెన్‌కి వాడాలి. బిల్డర్లు, అసోసియేషన్ వాళ్ళు, కొత్తగా ఈ ఫీల్డ్‌లోకొచ్చిన ఇంజనీర్లు నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఈ ఒక్క కేసు మీదే పెట్టి చెప్తున్నా, లెక్కలు మొదటి నుంచి చివరి దాకా ఒకటే ప్లాంట్‌వి, కాబట్టి కావాలంటే పక్కన కాలిక్యులేటర్ పెట్టుకుని చూస్కోండి.

డిజైన్ బేసిస్ అంటే అసలు ఏంటి? వెండర్ ప్రపోజల్ ఉంది కదా, అది చాలదా?

చాలదు. ప్రపోజల్‌లో ట్యాంక్ సైజులు, పంపుల హెచ్‌పీలు, రేటు ఉంటాయి. ఆ సైజులు ఎందుకు అంతే వచ్చాయి అనేది డిజైన్ బేసిస్‌లో ఉంటది. రోజుకి ఎన్ని నీళ్ళు వస్తాయి, వాటితో ఎన్ని కిలోల మురికి వస్తది, బయటికెళ్ళే నీళ్ళు ఎంత శుభ్రంగా ఉండాలి, ఒక్కో ట్యాంక్‌కి ఏ అంచనా తీసుకున్నాం, ఈ నాలుగూ రెండు మూడు పేజీల్లో రాసి, ప్రతి అంకె పక్కన అది ఎక్కడిదో కూడా రాయాలి: మాన్యువల్‌దా, కొలిచిందా, మనం అనుకున్నదా. మూడేళ్ళ తర్వాత ప్లాంట్ వాసనొస్తుంటే తప్పు ఎక్కడుందో వెతకడానికి ఈ కాగితమే ఆధారం. నేను చూసిన చాలా ప్లాంట్లలో ఈ కాగితమే లేదు, 'కెపాసిటీ 300 కేఎల్‌డీ' అని, అంటే రోజుకి 300 కిలోలీటర్లని, బోర్డు మాత్రం ఉంది.

500 ఫ్లాట్లకి రోజుకి ఎంత మురుగు లెక్కేయాలి?

ఫ్లాట్‌కి ఐదుగురు అనుకుంటే 2500 మంది. మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్ళు అనేది కేంద్ర ప్రభుత్వ సీపీహెచ్ఈఈఓ మాన్యువల్ చెప్పే లెక్క (పెద్ద మెట్రోలకి అదే మాన్యువల్ 150 అంటది, అపార్ట్‌మెంట్లకి ఎక్కువ మంది 135నే పట్టుకుంటారు). ఈ 135లో 45 లీటర్లు ఫ్లషింగ్‌కి, 90 మిగతా వాడకానికి అని విడగొడతాం. ఫ్లష్ చేసింది మొత్తం మురుగులోకే వస్తది. మిగతా 90లో తాగేవి, మొక్కలకి పోసేవి, బాల్కనీ కడిగేవి పోను 80 శాతం వస్తది, అంటే 72. రెండూ కలిపితే మనిషికి 117 లీటర్లు, 2500 మందికి 292 వేల లీటర్ల పైన. సెక్యూరిటీ, పనివాళ్ళు, డ్రైవర్లు ఒక 150 మంది పగలంతా ఉంటారు, వాళ్ళకి తలా 45 లీటర్లు లెక్కేస్తే ఇంకో ఆరు ముప్పావు కిలోలీటర్లు. మొత్తం 299 చిల్లర, రౌండ్ చేసి 300 కేఎల్‌డీ.

దాని మీద ఇంకో 20 శాతం మార్జిన్ వేద్దామా?

వద్దు. ఫ్లాట్‌కి ఐదుగురు అనడంలోనే మార్జిన్ ఉంది, చాలా ఇళ్ళల్లో ముగ్గురు నలుగురే ఉంటారు. ఆర్కిటెక్ట్ ఒక పది శాతం, ప్లంబింగ్ కన్సల్టెంట్ ఒక పది, వెండర్ ఇంకో పది కలుపుతూ పోతే 300 కాస్తా 400 అవుద్ది, తర్వాత అసలు ఫ్లో 150 వస్తే గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులో బ్యాక్టీరియాకి తిండి ఉండదు. మార్జిన్ ఒక్క చోటే వేయాలి, ఎక్కడ వేశామో రాయాలి. నేనైతే ఫ్లోలో వేయను, గాలిలో వేస్తా, ఎందుకో కింద బ్లోయర్ ప్రశ్నలో చెప్తా.

పీక్ ఫ్లో ఎంత? దానికి ఈక్వలైజేషన్ ట్యాంక్ ఎంత ఉండాలి?

300ని 24తో భాగిస్తే గంటకి 12.5 క్యూబిక్ మీటర్లు, ఇది యావరేజ్. 20 వేల లోపు జనాభాకి మాన్యువల్ చెప్పే పీక్ ఫ్యాక్టర్ 3, అంటే గంటకి 37.5. ఈ 37.5 ఎక్కడ వాడాలో జాగ్రత్తగా చూస్కోండి. లోపలికొచ్చే పైపు, స్క్రీన్ ఛాంబర్, ఆయిల్ గ్రీజ్ ట్రాప్ వరకే ఇది వర్తిస్తది. హెచ్చుతగ్గుల ఫ్లోని నిలవ చేసి సమంగా పంపే ఈక్వలైజేషన్ ట్యాంక్ దాటాక పంపు గంటకి 12.5 మాత్రమే తోస్తది కాబట్టి తర్వాతి ట్యాంకులన్నిటికీ అదే లెక్క.

ట్యాంక్ సైజుకి 'ఆరు గంటలు' అనో 'ఎనిమిది గంటలు' అనో రాసేస్తారు, ఎక్కడిదని అడిగితే చెప్పరు, కానీ ఇది కూడికలు తీసివేతలతో వచ్చేదే. పొద్దున 6 నుంచి 10 దాకా రోజు మొత్తం ఫ్లోలో 40 శాతం వస్తదనుకోండి, అంటే 120 క్యూబిక్ మీటర్లు. ఆ నాలుగు గంటల్లో పంపు తీసేది 50, కాబట్టి ట్యాంకులో 70 మిగిలిపోద్ది. 10 నుంచి సాయంత్రం 6 దాకా 75 వస్తది, 100 పోద్ది, మిగిలేది 45. సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా 81 వస్తది, 50 పోద్ది, ట్యాంకులో 76 అవుద్ది. అక్కడి నుంచి తెల్లారేదాకా 24 వస్తది, 100 పోద్ది, తెల్లారి ఆరింటికి ట్యాంక్ ఖాళీ. అంటే కనీసం 76 కావాలి. ఆదివారాలు, పండగ రోజులు ఈ ప్యాటర్న్ మారిపోద్ది కాబట్టి నేను 100 తీసుకుంటా, అది ఎనిమిది గంటలు. ఐతే ఈ 100 వాడుకోగలిగే నీళ్ళు అయ్యుండాలి. పంపు మునిగి ఉండడానికి, కింద డిఫ్యూజర్ పైపులకి అని అడుగున ఒక అరమీటరు ఎప్పుడూ నీళ్ళు ఉండిపోతాయి, డ్రాయింగ్‌లో అది కూడా కలిపి 100 అని చూపిస్తే మీకు నిజంగా దొరికేది 80 లోపే.

ఇన్లెట్ బీఓడీ 250 అని అందరూ రాస్తారు, అది కరెక్టేనా?

ఈ మొత్తం పేజీలో ఇదే ముఖ్యమైన ప్రశ్న, అందుకే కొంచెం ఓపిగ్గా చదవండి.

బీఓడీ అంటే నీళ్ళలోని మురికిని తినడానికి బ్యాక్టీరియాకి పట్టే ఆక్సిజన్. 250 అనేది ఎక్కడిదంటే, మనిషి రోజుకి 27 గ్రాముల బీఓడీ ఇస్తాడు, 135 లీటర్లలో 80 శాతం, అంటే 108 లీటర్ల మురుగు ఇస్తాడు, 27ని 108తో భాగిస్తే లీటరుకి 250 మిల్లీగ్రాములు. అంటే 250 మారకుండా ఉండే అంకె కాదు, భాగహారం చేస్తే వచ్చిన ఫలితం. మారకుండా ఉండేది పైనున్న 27. మనిషి ఎన్ని నీళ్ళు వాడినా తినేది, కడిగేది దాదాపు అంతే కదా. నీళ్ళు తగ్గితే అదే మురికి తక్కువ నీళ్ళలో చిక్కగా వస్తది.

మన కేసులో చూడండి. 2500 మందికి 27 గ్రాముల చొప్పున 67.5 కిలోలు, పనివాళ్ళది ఒక కిలోన్నర కలిపితే రోజుకి 69 కిలోల బీఓడీ. 300 కేఎల్‌డీలో అది లీటరుకి 230. బాగుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో బోర్లు ఎండి ట్యాంకర్ల మీద బతికేటప్పుడు మనిషికి 80 లీటర్ల మురుగే వస్తది, ఫ్లో 200కి పడిపోద్ది, బీఓడీ 345కి పోద్ది. ఆపరేటర్ వచ్చి 'ఇన్లెట్ డిజైన్ కన్నా ఎక్కువొస్తుంది సార్, అందుకే ప్లాంట్ పనిచేయట్లేదు' అంటాడు, వెండర్ కూడా అదే లెటర్ రాస్తాడు. కానీ కిలోల్లో చూస్తే అదే 69. ప్లాంట్‌ని కిలోల మీద డిజైన్ చేసుంటే అది తట్టుకోవాల్సిందే. అందుకే బేసిస్ టేబుల్‌లో ముందు రోజుకి ఎన్ని కిలోలు అని రాసి, మిల్లీగ్రాములు దాని పక్కన రాయండి.

ఇదే దారిలో మిగతావి కూడా వేస్కోవచ్చు, మాన్యువల్ ప్రకారం మనిషికి సస్పెండెడ్ సాలిడ్స్ 40.5 గ్రాములు, రసాయనాలతో కొలిచే ఆక్సిజన్ అవసరం, అంటే సీఓడీ, 45.9, టోటల్ నైట్రోజన్ 5.4. మనకి ఇవి రోజుకి దాదాపు 101 కిలోలు, 115 కిలోలు, 13.5 కిలోలు అవుతాయి. (పనివాళ్ళవి వీటిలో కలపలేదు, తేడా చిన్నది.)

మా పాత ఫేజ్ ఎస్టీపీది ల్యాబ్ రిపోర్ట్ ఒకటుంది. దాన్ని వాడొచ్చా?

ఆ శాంపిల్ ఎన్ని గంటలకి తీశారో ముందు అడగండి. పదకొండింటికి ఒక బాటిల్ నింపి పంపితే అది ఆ నిమిషం నీళ్ళ గురించి చెప్తది అంతే, ఈక్వలైజేషన్ ట్యాంకులోంచి తీస్తే ఇంకో రకంగా ఉంటది, అందులోకి ఫిల్టర్ బ్యాక్‌వాష్ నీళ్ళు, ఫిల్టర్ ప్రెస్ నీళ్ళు కూడా తిరిగొస్తాయి కాబట్టి. సరిగ్గా చేయాలంటే రోజంతా గంటకోసారి శాంపిల్ తీసి, ఐస్ బాక్స్‌లో పెట్టి, ఆ గంట ఫ్లో ఎంతో దాని ప్రకారం కలిపి ఒక కాంపోజిట్ చేయాలి. ఒక మామూలు రోజు, ఒక ఆదివారం, కనీసం రెండు రోజులు. తర్వాత ఫ్లోతో గుణించి కిలోలు తీసి, ఉంటున్న మనుషుల సంఖ్యతో భాగించండి. మనిషికి 20 నుంచి 35 గ్రాముల మధ్య వస్తే నమ్మండి. 8 వచ్చినా 90 వచ్చినా ఎక్కడో ఫ్లోమీటరో, శాంపిలో, తలల లెక్కో తప్పింది, ఆ రిపోర్ట్ మీద ట్యాంక్ కట్టొద్దు.

అవుట్‌లెట్ లిమిట్స్ ఏవి తీసుకోవాలి? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

కన్‌ఫ్యూజన్‌కి కారణం ఉంది. 2017 అక్టోబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌లో మెట్రో సిటీలకి బీఓడీ 20, సస్పెండెడ్ సాలిడ్స్ 50, మిగతా చోట్ల 30, 100. ఫీకల్ కోలిఫామ్ 100 మిల్లీలీటర్లకి 1000 లోపు. తర్వాత 2019 ఏప్రిల్‌లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ అది చాలదని చెప్పి మెట్రోలకే కాదు, దేశమంతటికీ బీఓడీ 10, సాలిడ్స్ 20, సీఓడీ 50, టోటల్ నైట్రోజన్ 10 అంది. మీ ప్లాంట్‌కి మాత్రం పొల్యూషన్ కంట్రోల్ బోర్డ్ కట్టడానికి ఇచ్చిన సీఎఫ్ఈ, నడపడానికి ఇచ్చిన సీఎఫ్ఓ అనుమతి ఆర్డర్లో ఏముందో అదే లెక్క, ఆ ఆర్డర్ కాపీ డిజైన్ బేసిస్‌కి జత చేయండి. కొత్తగా కడుతున్నారు కాబట్టి నేనైతే 10, 20, 50, 10 మీదే డిజైన్ చేస్తా. ఇప్పుడు నైట్రోజన్ తీసే అనాక్సిక్ ట్యాంక్ కట్టడం తేలిక, స్లాబ్ పడిపోయాక బేస్‌మెంట్‌లో దానికి చోటెక్కడ దొరుకుద్ది?

ఇంకొకటి, లిమిట్ 10 ఐతే డిజైన్ 10కి చేయకూడదు. లిమిట్ అంటే ఎప్పుడు తీసినా దాటకూడనిది, కాబట్టి యావరేజ్ 6, 7 వచ్చేలా చేయాలి. పైగా బయటికెళ్ళే సాలిడ్స్ అంటే ఎక్కువ భాగం బ్యాక్టీరియానే, ఒక్కో మిల్లీగ్రాముకి దాదాపు అర మిల్లీగ్రాము బీఓడీ అందులోనే దాక్కుని ఉంటది. బ్యాక్టీరియాని అడుక్కి దించే క్లారిఫైయర్ ట్యాంక్ నుంచి 20 సాలిడ్స్ పోతే బీఓడీ 10 అక్కడే అయిపోయింది, కరిగి ఉన్నదానికి ఇక చోటు లేదు. అందుకే ఈ లిమిట్‌కి ఇసుక ఫిల్టరో, అల్ట్రాఫిల్ట్రేషనో, మెంబ్రేనో ఏదో ఒకటి తప్పదు.

నైట్రోజన్ గురించి అంత పట్టింపు ఎందుకు? వాసన పోతే చాలు కదా?

వాసన కూడా చాలాసార్లు దాని వల్లే వస్తది. మురుగులో నైట్రోజన్ ఎక్కువ భాగం అమ్మోనియాగా ఉంటది. ఏరేషన్‌లో ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తది, తర్వాత గాలి లేని అనాక్సిక్ ట్యాంకులో ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ని నైట్రోజన్ గ్యాస్ చేసి వదిలేస్తది. మన 13.5 కిలోల్లో ఒక 3 కిలోలు బ్యాక్టీరియా ఒంట్లోకే పోయి స్లడ్జ్ అనే బురదతో బయటికెళ్తది, ఒక కిలో మారకుండా అలాగే వెళ్ళిపోద్ది, మిగిలిన 9.5 కిలోలు నైట్రేట్ అవుద్ది. 300 కేఎల్‌డీలో అది లీటరుకి 32. ఏరేషన్ చివర నుంచి నైట్రేట్ ఉన్న నీళ్ళని వెనక్కి అనాక్సిక్‌కి తిప్పాలి, ఎంత తిప్పితే అంత తగ్గుద్ది:

```
NO3-N out = 32 / (1 + R)
R = 1 (RAS) + 3 (internal recycle) = 4
NO3-N out = 32 / 5 = 6.4 mg/L
```

అంటే స్లడ్జ్ రిటర్న్ ఒక వంతు, ఇంటర్నల్ రీసైకిల్ మూడు వంతులు, గంటకి 37.5 క్యూబిక్ మీటర్ల పంపు. తక్కువ హెడ్ పంపే, ఖర్చు పెద్దగా ఉండదు. అనాక్సిక్ ట్యాంక్ మూడున్నర గంటలకి, ఒక 45 క్యూబిక్ మీటర్లు, లోపల మిక్సర్‌తో. దాంట్లో గాలి పెట్టి కలిపే వాళ్ళున్నారు, అలా చేస్తే అది అనాక్సిక్ ట్యాంకే కాదు.

ఈ లెక్కలో ఒకటి మర్చిపోవద్దు. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా మారడానికి 7 మిల్లీగ్రాముల పైన ఆల్కలినిటీ ఖర్చవుద్ది, నైట్రేట్ గ్యాస్ అయినప్పుడు అందులో సగం తిరిగొస్తది. మన బోరు నీళ్ళలో ఆల్కలినిటీ సాధారణంగా బాగానే ఉంటది, పూర్తిగా నది నీళ్ళ మీద ఆధారపడిన చోట, ఆర్ఓ పెట్టిన చోట మాత్రం ఒకసారి టెస్ట్ చేయించండి. అవుట్‌లెట్‌లో 80, 100 కన్నా తగ్గితే పీహెచ్ జారి అమ్మోనియా మారడం ఆగిపోద్ది.

ఏరేషన్ ట్యాంక్ 270 క్యూబిక్ మీటర్లు అంటున్నారు, ఎలా వచ్చింది?

స్లడ్జ్ వయసు నుంచి. ఒక కిలో బీఓడీ తీస్తే దాదాపు 0.9 కిలోల స్లడ్జ్ పుడతది (ప్రైమరీ క్లారిఫైయర్ లేదు కాబట్టి మురుగుతో వచ్చే ఇసుక, నార, కాగితం కూడా ఇందులోనే). 69 కిలోలకి రోజుకి 62 కిలోలు. ఆ స్లడ్జ్‌ని సగటున 15 రోజులు ట్యాంకులో ఉంచాలి అనుకుంటే లోపల ఎప్పుడూ 930 కిలోలు ఉండాలి. ఎంఎల్ఎస్ఎస్, అంటే ట్యాంకు నీళ్ళలో తేలే స్లడ్జ్, లీటరుకి మూడున్నర గ్రాములు పెట్టుకుంటే 266 వచ్చింది, 270 చేశాం. గంటల్లో చూస్తే 21 చిల్లర, ఎక్స్‌టెండెడ్ ఏరేషన్‌కి మామూలే.

15 రోజులు ఎందుకంటే అమ్మోనియా మార్చే బ్యాక్టీరియా చాలా మెల్లగా పెరుగుద్ది, డిసెంబర్ జనవరిలో మురుగు 20 డిగ్రీల దగ్గరికి వచ్చినప్పుడు ఇంకా మెల్లగా. ఇంకా తక్కువ రోజులతో కూడా అవుద్ది, కానీ అపార్ట్‌మెంట్‌లో ఆపరేటర్ మారుతుంటాడు, కరెంట్ పోతుంటది, ఆ వెసులుబాటు కావాలి. ఎవరైనా ఎంఎల్ఎస్ఎస్ లీటరుకి 6000 మిల్లీగ్రాములు పెట్టి ట్యాంక్ సగం చేసి చూపిస్తే ఆ స్లడ్జ్‌ని క్లారిఫైయర్ విడదీయగలదా అని అడగండి. మెంబ్రేన్ ఉంటే సరే, మామూలు క్లారిఫైయర్‌తో కుదరదు.

బ్లోయర్ సైజ్ గురించి వెండర్లు ఇచ్చే అంకెలు నాలుగు రెట్లు తేడా ఉంటున్నాయి, ఎందుకు?

ఎందుకంటే లెక్కలో మెట్లు వదిలేస్తారు. ముందు అన్ని మెట్లూ ఎక్కుదాం. బీఓడీకి కిలోకి 1.2 కిలోల ఆక్సిజన్, 69కి 83 కిలోలు. అమ్మోనియాకి కిలోకి 4.57, 9.5కి 43 కిలోలు. మొత్తం రోజుకి 126, గంటకి 5.3 కిలోలు. అనాక్సిక్‌లో కొంత ఆక్సిజన్ తిరిగి లాభం వస్తది కానీ నేను అది తీసివేయను, రీసైకిల్ పంపు పాడైన వారం కూడా బ్లోయర్ సరిపోవాలి.

ఇప్పుడు ఈ 5.3 మురుగు నీళ్ళలో కరగాలి. కంపెనీ కేటలాగ్‌లో డిఫ్యూజర్ అంకె శుభ్రమైన నీళ్ళకి, 20 డిగ్రీలకి, అసలు ఆక్సిజన్ లేని నీళ్ళకి ఇచ్చింది. మన ట్యాంకులో సబ్బు ఉంటది, నీళ్ళు 30 డిగ్రీలుంటాయి, నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అంటే డీఓ, లీటరుకి 2 మిల్లీగ్రాములు అప్పటికే నిలబెట్టాలి, హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, డిఫ్యూజర్ రంధ్రాలు ఏడాదిలో కొంత మూసుకుపోతాయి. ఇవన్నీ కలిపితే కేటలాగ్‌లో చెప్పినదాంట్లో మూడో వంతు పైన కొంచెం, 0.36 మాత్రమే దొరుకుద్ది. అంటే కేటలాగ్ లెక్కలో గంటకి 14.6 కిలోలు అడగాలి. నాలుగు మీటర్ల లోతులో ఫైన్ బబుల్ డిఫ్యూజర్ 22 శాతం కరిగిస్తది, ఒక క్యూబిక్ మీటరు గాలిలో 0.28 కిలోల ఆక్సిజన్ ఉంటది, కాబట్టి గాలి గంటకి 237 క్యూబిక్ మీటర్లు. పొద్దున పూట చిక్కటి లోడ్‌కి పావు వంతు మార్జిన్ కలిపి 300. నేను మార్జిన్ వేసేది ఇక్కడే.

అమ్మోనియా వదిలేసి, ఆ 0.36 కూడా వదిలేసి చేస్తే ఎంతొస్తదో తెలుసా? 56. రెండు కాగితాల మీదా '300 కేఎల్‌డీ ఎస్టీపీ' అనే ఉంటది.

ఒక కమ్యూనిటీలో నాకు ఇది కళ్ళారా కనబడింది. వాళ్ళు నన్ను పిలిచింది క్లోరిన్ కోసం పోసే హైపో ఖర్చు గురించి. ఆపరేటర్ డబ్బాల మీద డబ్బాలు పోస్తున్నాడు, ఐనా టెస్ట్ కిట్‌లో ఫ్రీ క్లోరిన్ రంగు రావట్లేదు, ఫ్లష్ ట్యాంకుల్లో ఘాటు వాసన. ల్యాబ్ రిపోర్ట్‌లో బీఓడీ 12, కాబట్టి ప్లాంట్ బాగానే ఉందని అందరూ అనుకున్నారు. నేను అమ్మోనియా చూస్తే 30. క్లోరిన్ మొత్తం ముందు దాన్నే పట్టుకుంటది, ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కి ఏడున్నర మిల్లీగ్రాముల పైన క్లోరిన్ పోస్తే గానీ ఫ్రీ క్లోరిన్ మిగలదు, 30కి 225 పైన కావాలి, ఎవరూ పోయలేరు. పొద్దున తొమ్మిదింటికి ఏరేషన్ ట్యాంకులో డీఓ మీటర్ ముంచితే 0.3. స్టాండ్‌బై బ్లోయర్ కూడా కలిపి నడిపించమన్నా. డీఓ అదే రోజు 2కి వచ్చింది, అమ్మోనియా మాత్రం 5 లోపుకి దిగడానికి మూడు వారాలు పట్టింది, ఆ బ్యాక్టీరియా పెరగాలి కదా. ట్యాంక్ సైజ్ సరిపోయింది, పంపులు సరిపోయాయి, డిజైన్ కాగితంలో అమ్మోనియా అనే ఒక్క లైన్ లేకపోవడమే జరిగింది. స్టాండ్‌బై అని కొన్న మెషీన్ ఇప్పుడక్కడ రోజూ నడుస్తుంది, కాబట్టి మళ్ళీ ఇంకో స్టాండ్‌బై కొన్నారు.

క్లారిఫైయర్‌కి ఏం చూడాలి?

రెండు చెక్కులు. నీళ్ళు పైకొచ్చే వేగం, రోజుకి చదరపు మీటరుకి 12 క్యూబిక్ మీటర్లు తీసుకుంటే 25 చదరపు మీటర్లు కావాలి. తర్వాత సాలిడ్స్ లోడ్, ఫ్లో 300, రిటర్న్ 300, మొత్తం 600ని 3.5తో గుణిస్తే 2100 కిలోలు, చదరపు మీటరుకి 84. మాన్యువల్ రేంజ్ 120 లోపే, సరిపోద్ది. హాపర్ బాటమ్ ఐతే వాలు 60 డిగ్రీలుండాలి, లేకపోతే స్లడ్జ్ మూలల్లో ఆగి రెండు రోజుల్లో నల్లగా పైకి తేలుద్ది. ఒకే ఐదు మీటర్ల హాపర్ కట్టాలంటే కోన్ లోతే నాలుగు మీటర్లు దాటుద్ది, అందుకే 3.6 మీటర్లవి రెండు కట్టడం మేలు.

స్లడ్జ్ రోజుకి ఎంత తీయాలి?

పైన వచ్చిన 62 కిలోలు, అంటే రిటర్న్ లైన్ నుంచి దాదాపు 9 క్యూబిక్ మీటర్ల పల్చటి స్లడ్జ్. ఫిల్టర్ ప్రెస్ చేస్తే 20 శాతం కేక్ 310 కిలోలు, రోజూ. 'మా టెక్నాలజీలో స్లడ్జ్ రాదు' అని ఎవరన్నా చెప్తే లోపలికొచ్చే ఇసుక, నార ఎక్కడికి పోతాయని అడగండి. తీయకపోతే నెలలో ఎంఎల్ఎస్ఎస్ రెట్టింపవుద్ది, ఆ తర్వాత స్లడ్జ్ తనంతట తనే క్లారిఫైయర్ పైనుంచి బయటికెళ్ళి మీ ఫిల్టర్లని మూసేస్తది.

ఎంబీబీఆర్ గానీ ఎస్‌బీఆర్ గానీ పెడితే ఈ బేసిస్ మారుద్దా?

ఫ్లో, కిలోలు, లిమిట్స్, ఆక్సిజన్ అవసరం, ఇవేవీ మారవు. సైజింగ్ మాత్రమే మారుద్ది. ఎంబీబీఆర్‌లో బ్యాక్టీరియా ప్లాస్టిక్ మీడియా మీద పెరుగుద్ది, కాబట్టి స్లడ్జ్ వయసు బదులు ఆ మీడియా ఉపరితలం మీద లెక్కేస్తారు, అక్కడ బీఓడీకి ఎంత ఉపరితలం, అమ్మోనియాకి ఎంత అని రెండూ విడిగా చూపించమనండి. ఎస్‌బీఆర్‌లో నింపడం, గాలి ఇవ్వడం, స్లడ్జ్ దించడం అన్నీ ఒకే బేసిన్‌లో సైకిల్‌గా జరుగుతాయి, గాలి రోజంతా ఇవ్వరు, ఒక్కో బేసిన్‌కి సైకిల్‌లో సగం టైమే ఐతే బ్లోయర్ గంట కెపాసిటీ దానికి తగ్గట్టు పెరగాలి.

మొదటి రెండేళ్ళు సగం ఫ్లాట్లు ఖాళీగా ఉంటాయి, అప్పుడు?

ముప్పై శాతం మంది దిగితే ఫ్లో 90 కేఎల్‌డీ, బీఓడీ 20 కిలోలు. 270 ట్యాంకులో అది ఏ మూలకీ రాదు, బ్యాక్టీరియా ఆకలికి ముక్కలు ముక్కలై నీళ్ళు మసకగా వస్తాయి, కరెంట్ బిల్లు మాత్రం పూర్తిగా వస్తది. అందుకే బేసిస్‌లోనే 150 చొప్పున రెండు స్ట్రీములు అని రాయండి, మధ్యలో ఒక గోడే కదా అదనం. మొదట ఒకటే నడపండి, బ్లోయర్లకి వేగం తగ్గించే వీఎఫ్‌డీ పెట్టండి. ఫీడ్ పంపు కూడా గంటకి 4 క్యూబిక్ మీటర్ల దాకా తగ్గగలగాలి, లేకపోతే ఈక్వలైజేషన్ ట్యాంక్ గంటలో ఖాళీ చేసి మూడు గంటలు ఆగుద్ది.

హ్యాండోవర్ తీసుకునేటప్పుడు బేసిస్ ప్రకారం ఉందో లేదో ఎలా తెలుస్తది?

ఖాళీ ట్యాంకులున్నప్పుడే టేపు పెట్టి కొలవండి, నీటి మట్టం వరకు, పైన స్లాబ్ వరకు కాదు. ఫీడ్ పంపు ఎంత తోస్తుందో ట్యాంక్ మట్టం పది నిమిషాలు చూసి లెక్కేయండి, నేమ్ ప్లేట్ చూసి కాదు. బ్లోయర్ నడుస్తున్నప్పుడు ప్రెషర్ గేజ్, ఆంపియర్లు రాసుకోండి, వాటిని కర్వ్ మీద పెడితే గాలి ఎంతో తెలుస్తది. మనుషులు దిగాక పొద్దున 9కి, రాత్రి 9కి ఏరేషన్ ట్యాంక్ మూడు చోట్ల డీఓ, అవుట్‌లెట్‌లో బీఓడీతో పాటు అమ్మోనియా, నైట్రేట్ కూడా, 24 గంటల కాంపోజిట్ మీద. అప్పటి ఫ్లో, ఎంతమంది ఉంటున్నారు అనేవి కూడా అదే కాగితం మీద రాయాలి. 30 శాతం లోడ్‌లో బ్లోయర్ ఫుల్లుగా నడిచి డీఓ 2 వచ్చిందంటే మిగతా 70 శాతం వచ్చాక ఆ బ్లోయర్ చాలదు, డిఫెక్ట్ లయబిలిటీ గడువు ముగిసేలోపు ఆ సంగతి రాతపూర్వకంగా బిల్డర్‌కి ఇవ్వండి.